మాట ముందా, బొమ్మ ముందా: సీన్ మారే చోట స్ప్లిట్ ఎడిట్ ఎలా పని చేస్తుంది

ఒక సీన్ అయిపోయి ఇంకో సీన్ మొదలయ్యే చోట మామూలుగా బొమ్మ, శబ్దం రెండూ ఒకే ఫ్రేమ్ దగ్గర మారతాయి. దీన్ని స్ట్రెయిట్ కట్ అంటారు. అందులో తప్పేమీ లేదు, సినిమాల్లో ఎన్నో సీన్లు అలాగే మారతాయి. కానీ రాత్రిపూట ఇంట్లో ఇద్దరు మెల్లగా మాట్లాడుకుంటున్న చోటి నుంచి, మర్నాడు హోరుగా ఉన్న వర్క్‌షాప్‌లోకి వెళ్లాలనుకోండి. కొత్త చోటు, కొత్త వెలుగు, కొత్త మనుషులు, కొత్త మోత అన్నీ కలిసి చూసేవాళ్ల మీద ఒక్కసారిగా పడతాయి. ఆ కాసేపు వాళ్లు కథను వదిలేసి, ఇప్పుడు ఎక్కడున్నామా అని వెతుక్కుంటారు.

స్ప్లిట్ ఎడిట్ అంటే ఈ రెండు మార్పుల్నీ విడదీయడం. కొత్త సీన్ శబ్దం ముందు వచ్చి, బొమ్మ తర్వాత మారితే అది జే కట్. బొమ్మ ముందు మారిపోయి, పాత సీన్ మాట ఇంకాసేపు వినిపిస్తే ఎల్ కట్. ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ టైమ్‌లైన్‌లో బొమ్మ పైన, శబ్దం కింద ఉంటాయి కదా, కొత్త క్లిప్ శబ్దం ఎడమవైపుకు సాగినప్పుడు ఒక ఆకారం, పాత క్లిప్ శబ్దం కుడివైపుకు సాగినప్పుడు ఇంకో ఆకారం వస్తాయి. పేర్లు ఆ ఆకారాల నుంచి వచ్చినవే. స్క్రిప్ట్‌లో మాట ముందుగా వినిపించాలని రచయితే కోరుకుంటే ప్రీ-ల్యాప్ అని రాస్తారు.

ఇలా చేస్తే కుదుపు ఎందుకు తగ్గుతుంది? ఒకటి మారుతున్నప్పుడు రెండోది నిలకడగా ఉంటుంది కాబట్టి. చెవికి కొత్త గొంతు వినిపిస్తున్నా కంటి ముందు ఇంకా తెలిసిన ముఖమే ఉంటుంది. ఆ గొంతు ఎవరిదో చూడాలన్న కోరిక చూసేవాళ్లలో పుట్టేసరికి బొమ్మ మారుతుంది. వాళ్లు అడిగినదాన్నే చూపించినట్టు అవుతుంది కాబట్టి కట్ అడ్డు తగిలినట్టు అనిపించదు. ఎల్ కట్‌లో దీనికి తిరగబడ్డ పని జరుగుతుంది. కన్ను కొత్త చోటును చదువుకుంటుంటే, చెవి పాత సంగతిని ముగించుకుంటుంది.

ఒకే సీన్‌లో ఇద్దరు మాట్లాడుకుంటున్నప్పుడు కూడా ఇవి అడుగడుగునా వాడతారు. అక్కడ 6 నుంచి 12 ఫ్రేముల తేడా ఉన్నా ఎవరూ గమనించరు, ఎందుకంటే గది అదే, ఆ గదిలో గాలి చప్పుడూ అదే. సీన్ మారే చోట సంగతి వేరు. మాటను ముందుకు జరిపితే దానితో పాటు ఆ మాట రికార్డయిన చోటు మొత్తం జరిగి వస్తుంది. నా దృష్టిలో స్ప్లిట్ ఎడిట్‌లో అసలు పని అక్కడే ఉంది. మాటను జరపడానికి అర నిమిషం చాలు. దాని వెంట వచ్చిన చోటును ఏం చేయాలో తేల్చుకోవడానికి మాత్రం ఓపిక కావాలి.

ఒక కట్‌ను దగ్గరగా చూద్దాం

ఉదాహరణకు ఒక సీన్ అనుకుందాం. రాత్రి, ఇంట్లో అక్కాతమ్ముళ్లు. ఇల్లు అమ్మాలా వద్దా అన్నది గొడవ. తమ్ముడు అంటాడు: "నువ్వేం దిగులు పెట్టుకోకు అక్కా. రేపు నాన్నతో నేనే మాట్లాడతా." తర్వాత అక్క ముఖం. ఆ షాట్ 48 ఫ్రేములు, అంటే సెకనుకు 24 ఫ్రేముల లెక్కన 2 సెకన్లు. మొదట తమ్ముడి వైపు చూస్తుంది, సుమారు 16వ ఫ్రేమ్ దగ్గర చూపు దించుకుంటుంది. ఆమెకు నమ్మకం కుదరలేదని మనకు తెలిసిపోతుంది.

తర్వాతి సీన్ మర్నాడు, తండ్రి వడ్రంగి వర్క్‌షాప్. వైడ్ షాట్. 36 ఫ్రేములు ఎవరూ మాట్లాడరు, ఆ తర్వాత తండ్రి అంటాడు: "ఇల్లు అమ్మే మాట నా దగ్గర ఎత్తకు." ఆ డైలాగ్‌కు పట్టే సమయం 2 సెకన్లు, 48 ఫ్రేములు. స్ట్రెయిట్ కట్‌లో అక్క షాట్ మొదలైనప్పటి నుంచి తండ్రి మాట ముగిసేవరకు మొత్తం 132 ఫ్రేములు, అయిదున్నర సెకన్లు. చూస్తే ఫరవాలేదు. కానీ మధ్యలో ఉన్న ఆ ఒకటిన్నర సెకన్ల వర్క్‌షాప్ బొమ్మ "ఇది వేరే చోటు" అని చెప్పడం తప్ప ఇంకేమీ చేయడం లేదు.

ఇప్పుడు తండ్రి మాటను అక్క ముఖం మీదకు తెద్దాం. ఎక్కడికి తేవాలి? అక్క చూపు దించకముందే ఆ గొంతు వినిపిస్తే ఆమె స్పందన చచ్చిపోతుంది. చూసేవాళ్ల ధ్యాస గొంతు మీదకు మళ్లుతుంది, చూపు దించడం ఎవరూ చూడరు. కాబట్టి 16వ ఫ్రేమ్ దాటి, ఆ ముఖం కుదురుకున్నాక, 24వ ఫ్రేమ్ దగ్గర మాట మొదలు పెడదాం. అక్క షాట్‌లో ఇంకా 24 ఫ్రేములు మిగిలి ఉన్నాయి. ఆ ఒక్క సెకనులో "ఇల్లు అమ్మే మాట" అన్న ముక్క పడుతుంది. అక్కడ బొమ్మ మారుతుంది. "నా దగ్గర ఎత్తకు" అన్నది తండ్రిని చూస్తూ వింటాం.

ఇప్పుడు అక్క షాట్ మొదలు నుంచి తండ్రి మాట చివరి వరకు 72 ఫ్రేములే. రెండున్నర సెకన్లు తగ్గాయి, అయినా తొందర పెట్టినట్టు అనిపించదు. అక్క ముఖానికి మొదట ఇచ్చిన 2 సెకన్లూ అలాగే ఉన్నాయి. అంతకన్నా ముఖ్యమైన మార్పు ఇంకొకటి జరిగింది. "ఇల్లు అమ్మే మాట" అన్నది అక్క ముఖం మీద వినిపించడంతో, ఆమె భయపడుతున్నది దేనికో ఆ ముఖమే చెబుతున్నట్టు అయింది. తండ్రి ఒప్పుకోడని ఆమెకు ముందే తెలుసన్న అర్థం వచ్చింది. స్క్రిప్ట్‌లో ఆ అర్థం ఎక్కడా రాసి లేదు. సాఫీగా ఉండడం కోసం మొదలు పెట్టిన పని కథలోకి వెళ్లిపోయింది. స్ప్లిట్ ఎడిట్ పెట్టేటప్పుడు నేను ముందుగా వేసుకునే ప్రశ్న కూడా ఇదే: ఈ మాటను ఎవరి ముఖం మీద వినిపిస్తే బాగుంటుంది?

సింక్ చెడకుండా చేసే పద్ధతి

కొత్తవాళ్లు చాలామంది ఇక్కడ మాట క్లిప్‌ను పట్టుకుని ఎడమవైపుకు లాగేస్తారు. లాగితే బొమ్మకూ మాటకూ ఉన్న జత తప్పుతుంది. తండ్రి పెదాలు ఒకటి పలుకుతుంటే మనకు ఇంకొకటి వినిపిస్తుంది. సరైన దారి ఏమిటంటే, ముందు శబ్దానికి ఎక్కడ కట్ కావాలో అక్కడ మామూలు స్ట్రెయిట్ కట్ పెట్టుకుని, ఆ తర్వాత బొమ్మ కట్‌ను మాత్రమే కదపాలి.

మన ఉదాహరణలో అది ఇలా ఉంటుంది. వర్క్‌షాప్ క్లిప్ మొదట్లో ఉన్న 36 ఖాళీ ఫ్రేములు రిపుల్ ట్రిమ్ చేసి తీసేయాలి, అంటే కోసిన చోట ఖాళీ మిగలకుండా వెనుక ఉన్నదంతా జరిగి వచ్చేలా కోయాలి, క్లిప్ సరిగ్గా తండ్రి మాటతో మొదలవుతుంది. అక్క క్లిప్‌ను కూడా చివరి నుంచి 24 ఫ్రేములు రిపుల్ ట్రిమ్ చేయాలి. ఇప్పుడు 24 ఫ్రేముల అక్క ముఖం, వెంటనే తండ్రి మాట. చూస్తే ఘోరంగా ఉంటుంది, కంగారు పడక్కర్లేదు. ఇప్పుడు బొమ్మ కట్‌ను ఒక్కదాన్నే రోల్ చేసి 24 ఫ్రేములు కుడివైపుకు నెట్టాలి. అక్క బొమ్మ మళ్లీ 48 ఫ్రేములు అవుతుంది, తండ్రి బొమ్మ మాట మధ్యలో మొదలవుతుంది. శబ్దం ఉన్నచోటే ఉంది. రోల్ చేసినప్పుడు ఒక పక్క పెరిగినంత రెండో పక్క తగ్గుతుంది కాబట్టి, టైమ్‌లైన్ పొడవు మారదు, సింక్ చెక్కు చెదరదు.

ప్రీమియర్ ప్రోలో Alt పట్టుకుని, మ్యాక్‌లో అయితే Option పట్టుకుని, బొమ్మ అంచును పట్టుకుంటే శబ్దం లింక్ ఆ కాసేపటికి పక్కన ఉంటుంది. రోలింగ్ ఎడిట్ టూల్‌కు N నొక్కాలి. డావిన్చీ రిజాల్వ్‌లో కూడా Alt అలాగే పని చేస్తుంది. ఫైనల్ కట్ ప్రోలో Control-S నొక్కితే శబ్దం బొమ్మ నుంచి విడిగా విచ్చుకుంటుంది. ఏ సాఫ్ట్‌వేర్ అయినా సూత్రం ఒక్కటే: ఒక ట్రాక్‌ను మాత్రమే కదపాల్సి వస్తే రోల్ చేయండి, రిపుల్ చేయకండి. ఒక్క ట్రాక్‌ను రిపుల్ చేస్తే అక్కడి నుంచి టైమ్‌లైన్ చివరిదాకా అన్నీ సింక్ తప్పే ప్రమాదం ఉంది. ప్రీమియర్‌లో, రిజాల్వ్‌లో లింక్ ఉన్న క్లిప్ సింక్ తప్పితే దాని మూలన ఎర్ర అంకెలు కనిపిస్తాయి. ఎన్ని ఫ్రేములు తప్పిందో అవే చెబుతాయి.

ఇంకో దారి కూడా ఉంది. వర్క్‌షాప్ వైడ్ షాట్ మనకు బాగా నచ్చింది, తీసేయడం ఇష్టం లేదు. ఆ షాట్‌లో తండ్రి మన వైపు వీపు పెట్టి ఉన్నాడనుకోండి. అప్పుడు మాటను నిజంగానే జరపవచ్చు, పెదాలు కనిపించవు కాబట్టి ఎవరికీ తెలియదు. కానీ భుజాలు, తల కదలికలు కూడా మాటకు జతగానే ఉంటాయి. తల ఊపి మరీ అన్న మాట జరిపితే, ఊపు ఒకచోట, మాట ఇంకోచోట పడి ఏదో తేడాగా అనిపిస్తుంది. ఏమిటా తేడా అని చూసేవాళ్లు చెప్పలేరు, కానీ వాళ్లకు తెలుస్తుంది.

శబ్దాన్నీ బొమ్మనూ విడివిడిగా కత్తిరించడం కంప్యూటర్లు రాకముందు నుంచీ ఉన్న పనే. ఫిల్మ్ ఎడిటింగ్‌లో బొమ్మ ఒక రీలు మీద, శబ్దం వేరే మాగ్నెటిక్ రీలు మీద ఉండేవి. విడిగా ఉన్నంతవరకు హాయి. రెండూ ఒకే ఫిల్మ్ మీద ఉన్నప్పుడే తంటా. 16 ఎంఎం న్యూస్ ఫిల్మ్‌లో శబ్దం మాగ్నెటిక్ గీత మీద, దానికి సంబంధించిన బొమ్మ కన్నా 28 ఫ్రేములు ముందు ఉండేది. ఒకచోట కత్తిరిస్తే శబ్దం ఒక మాట దగ్గర, బొమ్మ ఇంకో మాట దగ్గర తెగేవి. మాట వినిపించకుండా పెదాలు ఆడే ఆ ఒక్క సెకనును కప్పడానికి వేరే షాట్ వెతుక్కోవాల్సి వచ్చేది. ఈరోజు మనం ఇష్టంతో చేస్తున్న పని వాళ్ల మీద బలవంతంగా పడిందన్నమాట.

మాట వెంట వచ్చే చోటు

మళ్లీ మన కట్ దగ్గరకు వద్దాం. బొమ్మ, సింక్ అన్నీ కుదిరాయి. ప్లే చేస్తే మాత్రం 24వ ఫ్రేమ్ దగ్గర ఏదో టక్కుమంటుంది. ఎందుకు? అక్క క్లిప్ శబ్దం అక్కడే ఆగిపోయింది. రాత్రి కీచురాళ్ల చప్పుడు ఠక్కున పోయి, దాని జాగాలో పగటి వర్క్‌షాప్ గాలి వచ్చింది. బొమ్మలో మాత్రం ఇంకా రాత్రే ఉంది. బొమ్మ కట్‌ను దాచాలని చూసి, శబ్దంలో ఇంకో కట్ బయటపెట్టాం.

దీనికి మందు రెండు ట్రాకులు వాడడం. అక్క సీన్ శబ్దం మొదటి ట్రాక్ మీద, తండ్రి సీన్ శబ్దం రెండో ట్రాక్ మీద పెడితే, మొదటిదాన్ని ఇంకా సాగదీయడానికి చోటు దొరుకుతుంది. కీచురాళ్ల చప్పుడును బొమ్మ కట్ దాకా తెచ్చి, అక్కడ కొద్ది ఫ్రేముల్లో తగ్గించేయాలి. అక్క షాట్ చివర ఎవరో దగ్గడమో, డైరెక్టర్ కట్ చెప్పడమో ఉంటే ఆ శబ్దం వాడలేం, అదే గదిలో విడిగా రికార్డు చేసిన రూమ్ టోన్ పెట్టుకోవాలి. షూటింగ్‌లో ప్రతి చోటా అర నిమిషం పాటు అందరినీ నిశ్శబ్దంగా నిలబెట్టి రికార్డు చేయమని సౌండ్ వాళ్లు అడిగేది ఇలాంటి అవసరాల కోసమే.

ఇప్పుడు రెండో వైపు. తండ్రి మాట వెనుక రంపం మెషీన్ మోత ఉందా? షూటింగ్ జాగ్రత్తగా చేసి ఉంటే డైలాగ్ చెప్పేటప్పుడు మెషీన్ ఆపేసి ఉంటారు, మోత విడిగా తీసి ఉంటారు. అలా ఉంటే మన చేతిలో మంచి అవకాశం ఉన్నట్టే. మాట ముందు వస్తుంది, రంపం మోత సరిగ్గా బొమ్మ మారిన ఫ్రేమ్ దగ్గర వస్తుంది. మాట మనల్ని తీసుకెళ్తుంది, మోత మనల్ని అక్కడ దించుతుంది. మెషీన్ నడుస్తుండగానే డైలాగ్ తీసేసి ఉంటే ఆ వెసులుబాటు పోతుంది, మోత మాటకు అంటుకుని వస్తుంది. అప్పుడు మాటకు సెకను ముందు నుంచే మోతను సన్నగా మొదలు పెట్టి పెంచుకుంటూ రావాలి. లేదా ఆలోచన మార్చుకుని, అక్క ముఖం మీద మాటకు బదులు మోతనే ముందు వినిపించి, మాటను బొమ్మతో పాటు ఉంచేయాలి. ఆ రెండోది చాలాసార్లు బాగుంటుంది. మోతకు పెదాలు ఉండవు, ఎవరిదన్న అనుమానం రాదు.

మాట మొదలయ్యే చోటును చెవి దగ్గర పెట్టుకుని వినాలి. "ఇల్లు" లాంటి అచ్చుతో మొదలయ్యే మాట మెల్లగా లేస్తుంది, టైమ్‌లైన్ మీద దాని మొదలు ఎక్కడో కంటికి సరిగ్గా తెలియదు. ఒక్క ఫ్రేమ్ ఎక్కువ కోస్తే "ల్లు" మాత్రమే మిగులుతుంది. శబ్దాన్ని ఫ్రేమ్ కన్నా సన్నగా కోయవచ్చని గుర్తుంచుకోండి. 48 కిలోహెర్ట్జ్ రికార్డింగ్‌లో, సెకనుకు 24 ఫ్రేముల లెక్కన, ఒక్క ఫ్రేమ్‌లో 2000 శాంపిళ్లు ఉంటాయి. రెండు మూడు ఫ్రేముల ఫేడ్ పెడితే అది మాట మొదలవకముందే అయిపోయేలా పెట్టాలి.

మాటకు ముందు నటుడు తీసే ఊపిరి ఇంకో చిక్కు. సీన్ లోపల ఊపిరి ఉంచితేనే మనిషి మాట్లాడినట్టు ఉంటుంది. కానీ ఇక్కడ ఆ ఊపిరి అక్క ముఖం మీద వినిపిస్తుంది, చూసేవాళ్లు అది అక్క ఊపిరే అనుకుంటారు. ఆమె ఏదో అనబోతోందని ఎదురు చూస్తుంటే మగ గొంతు వస్తుంది. కాబట్టి ముందుకు జరిపిన మాటకు ముందున్న ఊపిరిని నేనైతే తీసేస్తాను.

ముందు వచ్చే ముక్కను 3 నుంచి 6 డెసిబెల్స్ తగ్గించి మొదలు పెట్టి, బొమ్మ మారేసరికి పూర్తి స్థాయికి తేవడం ఒక అలవాటు. బాగానే పని చేస్తుంది. ఎకో కలపడం మాత్రం వద్దు, అది జ్ఞాపకమో కలో అనుకుంటారు.

పెదాలు, అనుమానాలు

కంటి ముందు ఒక నోరు కదులుతూ ఉంటే, వినిపించే గొంతు ఆ నోటిదే అని మెదడు నమ్మేస్తుంది. చేతిలోని కీలుబొమ్మను మాట్లాడించే ఆటలో మనల్ని నమ్మించేది ఇదే, దీన్ని వెంట్రిలాక్విజం ఎఫెక్ట్ అంటారు. అందుకని ముందు మాట పడే ఆ 24 ఫ్రేముల్లో అక్క నోరు మూసి ఉండాలి. పెదవి కొరుక్కోవడం, గుటక వేయడం కూడా ఆ కాసేపు ఇబ్బందే. వేరే టేక్‌లో నోరు కదలని ముక్క దొరకకపోతే, ఆమె చేతుల షాట్‌కో, వెనుక నుంచి తీసిన షాట్‌కో వెళ్లాలి.

రెండో అనుమానం ఇంకా మోసకారి. తండ్రి అదే ఇంట్లో పక్క గదిలో ఉండే వీలుందా? ఉంటే, ఆయన గొంతు వినగానే ఆయన చాటుగా అంతా వింటున్నాడని చూసేవాళ్లు అనుకుంటారు. అక్క అదే క్షణంలో పక్కకు చూసిందంటే అది ఖాయమైపోతుంది. తర్వాత వర్క్‌షాప్ కనిపించగానే తికమక పడతారు. దీన్ని కనిపెట్టడం ఎడిటర్‌కు కష్టం, ఎందుకంటే తర్వాత ఏం వస్తుందో ఎడిటర్‌కు తెలుసు. సీన్ ఎప్పుడూ చూడనివాళ్లకు చూపించి, బొమ్మ కట్‌కు ఒక ఫ్రేమ్ ముందు ఆపి, "ఇప్పుడు మాట్లాడింది ఎక్కడి నుంచి?" అని అడగండి. పక్క గదిలోంచి అంటే, అక్క చూపు మార్చిన టేక్ తీసేయాలి, లేదా మాటతో పాటు వర్క్‌షాప్ చప్పుడు కొంచెం కలపాలి. అప్పటికీ కుదరకపోతే స్ట్రెయిట్ కట్‌కే వెళ్లిపోవాలి.

ఇక ఎంత ముందు? సీన్ మారే చోట అర సెకను నుంచి 2 సెకన్ల లోపు మాట ముందు వస్తే ఎక్కువగా కుదురుతుంది. నాలుగైదు ఫ్రేములే అయితే అది సీన్ మార్పును మెత్తబరుస్తుంది తప్ప అర్థం ఏమీ చేర్చదు. 3 సెకన్లు దాటితే వాయిస్ ఓవర్ లాగా వినిపించడం మొదలవుతుంది. అయితే ఫ్రేముల కన్నా వాక్యాన్ని పట్టుకుని లెక్క చూసుకోవడం మంచిదని నా నమ్మకం. తెలుగులో వాక్యం తేలేది చివరి మాట మీద. "ఇల్లు అమ్మే మాట నా దగ్గర" అన్నంతవరకు తండ్రి ఏమంటాడో తెలియదు. "ఎత్తకు" అన్నాకే తెలుస్తుంది. కాబట్టి విషయం పాత ముఖం మీద, క్రియ కొత్త ముఖం మీద పడేలా కట్ పెడితే, చూసేవాళ్లు నిర్ణయాన్ని ఆ నిర్ణయం తీసుకున్న మనిషి ముఖంలోనే చూస్తారు. వాక్యం మొత్తం అక్క ముఖం మీదే అయిపోయిందనుకోండి, తండ్రి కనిపించేసరికి ఆయన చేయడానికి ఏమీ మిగలదు, షాట్ ఊరకే నిలబడి ఉంటుంది.

అదే సీన్‌ను ఎల్ కట్‌తో చేస్తే

ఇప్పుడు తండ్రి మాటను ఉన్నచోటే వదిలేసి, తమ్ముడి మాటను తర్వాతి సీన్ మీదకు సాగనిద్దాం. "రేపు నాన్నతో" వరకు తమ్ముడు ఇంట్లోనే ఉంటాడు. అక్కడ బొమ్మ మారి, మర్నాడు వర్క్‌షాప్ గుమ్మం వైపు నడుస్తున్న తమ్ముడిని వెనుక నుంచి చూస్తాం. "నేనే మాట్లాడతా" అన్నది ఆ నడక మీద వినిపిస్తుంది. ఇచ్చిన మాట అతని భుజాల మీద బరువులా కనిపిస్తుంది. కానీ దీనికి మూల్యం ఉంది: అక్క ముఖం పోయింది. జే కట్‌లో ఆ సీన్ మార్పు అక్కది, ఎల్ కట్‌లో తమ్ముడిది. ఏది సాఫీగా ఉందని పోల్చి లాభం లేదు, రెండూ సాఫీగానే ఉంటాయి. ఈ చోట కథ ఎవరి వెంట నడవాలో తేల్చుకుంటే ఏ కట్ కావాలో తేలిపోతుంది.

ఎల్ కట్‌కు కొత్త బొమ్మ తేలిగ్గా ఉండాలి. చెవి ఇంకా పాత మాట వింటోంది కాబట్టి, కన్ను మీద ఎక్కువ పని పెడితే రెండూ అందవు. నడవడం, తలుపు తీయడం, బండి వచ్చి ఆగడం లాంటివి సరిపోతాయి. తమ్ముడిని ముందు నుంచి, దగ్గరగా, నోరు మూసుకుని ఉన్నట్టు చూపిస్తే మాత్రం ఆ మాటలు అతని మనసులో తిరుగుతున్నట్టు అనిపిస్తాయి. అది కావాలనుకుంటే మంచిదే, అనుకోకుండా వస్తే తప్పు. వెనుక షాట్ ఎంచుకున్నది అందుకే.

ఇక్కడ రంపం మోత మళ్లీ అడ్డొస్తుంది. బొమ్మతో పాటు మోత వస్తే "నేనే మాట్లాడతా" మునిగిపోతుంది. కొత్త చోటు గాలి చప్పుడు సన్నగా బొమ్మతో రావాలి, మాట చివరి అక్షరం పూర్తయ్యాక మోత లేవాలి. మాట వెనుక ఉన్న కీచురాళ్లు పగటి బొమ్మ మీద ఎక్కువసేపు వినిపించకుండా, మాట ఆగిన వెంటనే తగ్గిపోవాలి.

ఏ స్ప్లిట్ ఎడిట్ కూడా వద్దనిపించే చోట్లు ఉన్నాయి. సీన్ చివరి నిశ్శబ్దమే ఆ సీన్ చెప్పాల్సిన మాట అయితే, దాని మీద ఇంకో గొంతు వేయడం ఆ సీన్‌ను చంపడమే. చావు కబురు విన్న మనిషి ముఖం మీద తర్వాతి సీన్ సంభాషణ మొదలైతే చూసేవాళ్లకు ఏడవడానికి కూడా తీరిక ఉండదు. ఉలిక్కిపడేలా చేయాలనుకున్న కట్ కూడా బొమ్మతో, శబ్దంతో ఒక్కసారే రావాలి. ఇక వరసగా మూడు నాలుగు సీన్లు మాట ముందు వచ్చి మారితే, సీన్ చివరికి వచ్చేసరికి ఇంకో గొంతు వస్తుందని చూసేవాళ్లు కనిపెట్టేస్తారు. అప్పటి నుంచి ఎంత బాగా చేసినా కట్ కనిపిస్తూనే ఉంటుంది.

ఎడిట్ అయ్యాక రెండుసార్లు పరీక్షించండి. ఒకసారి కళ్లు మూసుకుని వినాలి, చోటు మారడం తెలియాలి, టక్కుమనకూడదు. ఇంకోసారి శబ్దం ఆపేసి చూడాలి. అక్క షాట్ ఆ మాట లేకుండా కూడా 2 సెకన్లు నిలబడగలగాలి. మాట ఉంది కదా అని ఖాళీ షాట్‌ను సాగదీసి ఉంటే ఇక్కడ బయటపడిపోతుంది.

సౌండ్ వాళ్లకు ఫైల్ ఇచ్చేటప్పుడు ప్రతి క్లిప్‌కు రెండు వైపులా కొన్ని సెకన్ల అదనపు శబ్దం ఉండేలా ఇవ్వాలి. లేకపోతే మీరు పెట్టిన అతుకును వాళ్లు సరిచేయలేరు. సబ్‌టైటిల్స్ వేసేవాళ్లకు కూడా ఈ చోట్లు చెప్పాలి. "ఇల్లు అమ్మే మాట" ఒక సబ్‌టైటిల్‌గా, మిగతాది ఇంకోటిగా కట్ దగ్గర విడగొట్టడం మేలు. మొత్తం వాక్యం ముందే తెర మీద పడితే తండ్రి జవాబును చెవి కన్నా ముందు కన్ను చదివేస్తుంది. వేరే భాషలోకి డబ్బింగ్ చేసేటప్పుడు చిక్కు ఇంకొంచెం పెరుగుతుంది. ఇంగ్లిష్ లాంటి భాషలో "వద్దు" అన్న అర్థం వాక్యం మొదట్లోనే వచ్చేస్తుంది కాబట్టి, మాటకు మాట అనువదిస్తే తండ్రి నిర్ణయం అక్క ముఖం మీదే తెలిసిపోతుంది. అక్కడ డబ్బింగ్ రచయిత ఇంటి ప్రస్తావన ముందు వచ్చేలా వాక్యాన్ని రెండుగా విరిచి, వద్దన్న ముక్కను 24 ఫ్రేముల తర్వాతకు తోయాల్సి ఉంటుంది.